యాప్‌లో లాభం ఉంది, డబ్బు మాత్రం చేతికి రావట్లేదా?

గాజువాకలో ఉండే మా మావయ్య పోయిన నెల ఫోన్ చేశాడు. "ఒరేయ్, యాప్‌లో 9,40,000 ఉన్నాయి. తీసుకుందామంటే ముందు ట్యాక్స్ కట్టమంటున్నారు. కట్టెయ్యనా?" కట్టొద్దు, వస్తున్నా అని చెప్పి మద్దిలపాలెం నుంచి బండి తీశాను. నెలకు 15 శాతం గ్యారంటీ అని చెప్పే ఒక షేర్ మార్కెట్ టిప్స్ గ్రూపులో ఆయన రెండు నెలలుగా ఉన్నాడట. ఆ సాయంత్రం ఆయన ఫోన్‌లో ఏమేం చూశామో అదే వరసలో రాస్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి గ్రూపులో ఉంటే వాళ్ల ఫోన్‌లో కూడా ఇవే చూడండి.

సమస్య: విత్‌డ్రా నొక్కితే ట్యాక్స్ అడుగుతున్నారు

మావయ్య మొదట 50,000 వేశాడు. వారం తర్వాత 5,000 తీసుకుంటే వెంటనే బ్యాంకులో పడ్డాయి. ఆ నమ్మకంతో ఇంకో 3,00,000 వేశాడు. అంటే ఆయన చేతి నుంచి పోయినవి 3,45,000, యాప్ చూపించే లాభం 5,95,000. అందులో 20 శాతం, అంటే 1,19,000 ముందు కడితేనే మొత్తం వదులుతామన్నారు.

కారణం: ఏడాదిలోపు అమ్మిన లిస్టెడ్ షేర్ల లాభం మీద పన్ను ఇప్పుడు నిజంగానే 20 శాతం. అందుకే ఆ మాట నమ్మేలా ఉంటుంది. కానీ ఆ పన్ను మనమే ఆదాయపు పన్ను శాఖకు కట్టుకుంటాం, బ్రోకర్‌కి కాదు. "పోనీ అందులోనే తగ్గించుకుని మిగతాది పంపండి" అని మావయ్య చేత మెసేజ్ పెట్టించాను. సిస్టమ్ ఒప్పుకోదన్నారు. అసలు అక్కడ డబ్బే లేదు కాబట్టి తగ్గించుకోవడానికి ఏమీ లేదు. ఆ 5,000 కూడా ఎర మాత్రమే.

పరిష్కారం: ట్యాక్స్, ఫీజు, డిపాజిట్, పేరు ఏదైనా ఇక ఒక్క రూపాయి కూడా వెయ్యొద్దు. అది కడితే ఇంకోటి అడుగుతారు.

సమస్య: షేర్లు ఆ యాప్‌లో తప్ప ఇంకెక్కడా లేవు

నాకు అన్నిటికంటే గట్టి పరీక్ష ఇదే అనిపిస్తుంది. నిజంగా షేర్ కొంటే అది మన పేరున ఉన్న డీమ్యాట్ ఖాతాలోకి రావాలి. ఆ ఖాతాకి 16 అక్షరాల నంబర్ ఉంటుంది. కొన్న వివరాలతో బ్రోకర్ నుంచి కాంట్రాక్ట్ నోట్ మెయిల్‌లో వస్తుంది. పాన్ మీద ఉన్న షేర్లన్నీ డీమ్యాట్ ఖాతాల రికార్డు ఉంచే డిపాజిటరీ సంస్థ పంపే స్టేట్‌మెంట్‌లో కనిపిస్తాయి. మావయ్య మెయిల్ అంతా వెతికాం, ఒక్క కాంట్రాక్ట్ నోట్ కూడా లేదు. డీమ్యాట్ నంబర్ అడిగితే, "ఇది విదేశీ సంస్థల ఖాతా, మీ పేరున కనిపించదు" అని గ్రూప్ అడ్మిన్ జవాబిచ్చాడు. ఇక్కడ ఉండే మామూలు మదుపరులకు అలాంటి దారి లేదని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024లోనే హెచ్చరించింది.

సమస్య: గ్రూపులో అందరికీ లాభాలే

ఒక స్క్రీన్‌షాట్ తీసుకుని చూశాం. ఆ రోజు ఒక షేర్‌ను 412కి కొని 468కి అమ్మినట్టు ఉంది. ఎన్‌ఎస్‌ఈ సైట్‌లో అదే తేదీకి ఆ షేర్ గరిష్ఠ ధర చూస్తే 431. అంటే 468 దగ్గర ఆ రోజు ఎవరూ అమ్మే అవకాశమే లేదు. ఈ పరీక్ష రెండు నిమిషాల పని. ధర సరిపోయినా నమ్మడానికి లేదు, ఎందుకంటే అంకెలు మార్చడం చాలా తేలిక. "థాంక్యూ సార్" అని పెట్టేవాళ్లలో చాలామంది వాళ్ల మనుషులే ఉంటారు.

సెబీ రిజిస్ట్రేషన్ నంబర్ పెట్టారని కూడా ఊరుకోవద్దు. వేరేవాళ్ల నంబర్ వాడేస్తారు. సెబీ సైట్‌లో ఆ నంబర్ ఎదురుగా ఉన్న ఫోన్‌కే చేసి అడగండి. నిజంగా రిజిస్టర్ అయినవాళ్లు ఇంత లాభం గ్యారంటీ అని చెప్పకూడదు.

డబ్బు వెళ్లిపోయాక

మావయ్య డబ్బు మూడు వేర్వేరు ఖాతాల్లోకి వెళ్లింది, ఒక్కటీ బ్రోకర్ పేరున లేదు. సెబీ దగ్గర రిజిస్టర్ అయిన బ్రోకర్ల యూపీఐ ఐడీలో ఇప్పుడు `@valid` అని ఉంటుంది, అది ముందే చూసుకోవాల్సింది.

అక్కడి నుంచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. ప్రతి ట్రాన్స్‌ఫర్‌కీ తేదీ, మొత్తం, యూటీఆర్ నంబర్ అడుగుతారు కాబట్టి బ్యాంక్ స్టేట్‌మెంట్ ముందు పెట్టుకోండి. తర్వాత `cybercrime.gov.in`లో ఫిర్యాదు పెట్టి, బ్యాంకుకీ చెప్పాం. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, ఎందుకంటే డబ్బు ఇంకో ఖాతాకి మారకముందే ఆపాలి. కోపంలో గ్రూపులోంచి బయటకొచ్చేయొద్దు. ముందు చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి, యాప్‌ను స్క్రీన్ రికార్డ్ చేసి పెట్టుకోండి.

మావయ్య వేసిన వాటిలో చివరి ట్రాన్స్‌ఫర్ తాలూకు 62,000 ఒక ఖాతాలో హోల్డ్‌లో పడ్డాయి. మిగతావి అప్పటికే తీసేశారు. ఆ 62,000 కోసం ఇప్పుడు కోర్టు ఆర్డర్ కాగితాలు తయారుచేస్తున్నాం. ఈలోగా మొన్న ఒకడు ఫోన్ చేసి, పోయిన డబ్బంతా రికవరీ చేస్తాను, ఫీజు 8,000 అన్నాడట. మావయ్య ఫోన్ పెట్టేసి నాకు చేశాడు. ఆ నంబర్‌ని కూడా ఫిర్యాదులో చేర్చాం.