ప్రసూతి సెలవు ముగిశాక ఉద్యోగంలోకి తిరిగి వెళ్లడం లేదా? లేఖ పంపే ముందు చూసుకోవలసినవి

పుట్టింట్లో బిడ్డ పక్కన పడుకుని, ఇక ఉద్యోగానికి వెళ్లలేనని నిర్ణయించుకున్న తల్లి చేసే మొదటి పని సాధారణంగా మేనేజరుకు ఒక వాట్సాప్ సందేశం పంపడం. "మేడమ్, నేను ఇక రాలేనండి, మానేస్తున్నాను" అని. దయచేసి ఆ సందేశం పంపకండి. తేదీ లేకుండా, బకాయిల ప్రస్తావన లేకుండా వెళ్లిన ఆ ఒక్క వాక్యాన్నే కొన్ని ఆఫీసులు రాజీనామాగా తీసుకుంటాయి. ఆ రోజుతోనే లెక్క ముగించేస్తాయి. ముందు కాగితం సిద్ధం చేసుకోండి, తర్వాత ఫోను చేయండి.

అసలు జాగ్రత్త అంతా తేదీలోనే ఉంది, అందుకే ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా లెక్క చూద్దాం. ఒక అమ్మాయికి పుట్టిల్లు గుంటూరు బ్రాడీపేట, ఆఫీసు విజయవాడ గవర్నర్‌పేట. 2021 జూలై 12న చేరింది. జీతం నెలకు 36,000, అందులో మూలవేతనం 20,000. మొదటి కాన్పు. 2026 ఫిబ్రవరి 2 సోమవారం నుంచి సెలవు పెట్టింది. మార్చిలో బిడ్డ పుట్టింది. నియామక పత్రంలో నోటీసు గడువు 30 రోజులు.

చట్టం ప్రకారం మొదటి రెండు కాన్పులకు వేతనంతో కూడిన సెలవు 26 వారాలు, అంటే 182 రోజులు. ఇప్పటికే ఇద్దరు పిల్లలు ఉంటే 12 వారాలే. ఈ హక్కు మొదట 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉండేది. 2025 నవంబరు 21న సామాజిక భద్రత కోడ్ అమలులోకి వచ్చాక అందులోకి చేరింది. ప్రసవ తేదీకి ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. తిరిగి ఉద్యోగంలో చేరాలన్న షరతు చట్టంలో ఎక్కడా లేదు. "మళ్లీ చేరకపోతే ప్రసూతి జీతం వెనక్కి కట్టాలి" అని మీ చేత సంతకం పెట్టించుకుని ఉన్నా, చట్టం ఇచ్చిన 26 వారాల విషయంలో ఆ ఒప్పందం చెల్లదు. కంపెనీ తనంతట తాను చట్టానికి మించి ఇంకో రెండు నెలలు జీతంతో సెలవు ఇచ్చి, దానికి షరతు పెట్టి ఉంటే మాత్రం ఆ అదనపు భాగం సంగతి వేరు. ఆ కాగితాన్ని ముందు వెతికి చదవండి.

మన ఉదాహరణలో 182 రోజులు ఆగస్టు 2, ఆదివారంతో పూర్తవుతాయి. ఆ అమ్మాయి మే నెలలోనే మనసు గట్టి చేసుకుని, "ఇవాళే చెప్పేస్తే వాళ్లు వేరే మనిషిని చూసుకుంటారు కదా" అనే మంచితనంతో లేఖ పంపి, జూన్‌లో ఉద్యోగం వదిలేసిందనుకోండి. మొదటి నష్టం, మిగిలిన వారాల ప్రసూతి వేతనం గొడవలో పడుతుంది. ఉద్యోగిగా లేని రోజులకు ఇవ్వబోమని ఆఫీసు అంటుంది. రెండోది అంతకంటే పెద్దది, పైగా చాలామందికి తట్టనిది. ఆమెకు ఐదేళ్ల సర్వీసు నిండేది జూలై 11న. సాధారణ ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే ఐదేళ్లు నిండాలి, 26 వారాల ప్రసూతి సెలవు కూడా సర్వీసుగానే లెక్కకు వస్తుంది. ఆమె గ్రాట్యుటీ 20,000ను 26తో భాగించి 15తో, ఆపైన ఐదేళ్లతో హెచ్చవేస్తే సుమారు 57,692 రూపాయలు. జూన్‌లో మానేస్తే ఇది చేజారుతుంది. ఐదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలన్న కోర్టు తీర్పులు ఉన్నాయి నిజమే, కానీ చంటిబిడ్డతో కోర్టు మెట్లు ఎక్కే పని ఎవరికి కావాలి? ఇంకో నెల ఆగితే వివాదమే లేదు.

కాబట్టి ఈ అమ్మాయి లేఖ పంపవలసింది జూలై 11 దాటాక. జూలై 15న పంపితే 30 రోజుల నోటీసు ఆగస్టు 14తో ముగుస్తుంది. కొన్ని ఆఫీసులు లేఖ అందగానే "మీరు రేపటి నుంచి రానక్కరలేదు" అని వెంటనే వదిలేస్తాయి. అప్పటికే ఐదేళ్లు నిండి ఉన్నాయి కాబట్టి గ్రాట్యుటీకి భయం ఉండదు. సెలవు ఆగస్టు 2న అయిపోతుంది, నోటీసు ఆగస్టు 14 దాకా ఉంది. మధ్యలో ఆదివారం పోగా మిగిలేవి పదకొండు పనిదినాలు. ఆమె ఖాతాలో 18 రోజుల ఆర్జిత సెలవు ఉంటే అందులో పదకొండు ఇక్కడ సర్దుబాటు చేయమని అడగవచ్చు, మిగిలిన ఏడు రోజులకు డబ్బు అడగవచ్చు. ప్రసూతి సెలవులో నోటీసు గడువు నడుస్తుందా, ఆర్జిత సెలవుతో సర్దుకోవచ్చా అన్నవి నియామక పత్రాన్ని బట్టి ఉంటాయి. అందులో కుదరదని ఉంటే మినహాయింపు కోరుతూ లేఖలోనే ఒక వాక్యం రాయండి, జవాబు కూడా రాతపూర్వకంగా తీసుకోండి. నోటి మాటతో "సరేలే అమ్మా" అన్నవాళ్లే చివరి లెక్కలో నెల జీతం కోసిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఇక లేఖ. కృతజ్ఞత చెప్పాలని మనసులో ఉంటే మనసారా చెప్పండి. ఆ ఊపులో "కంపెనీ నాకు ఇవ్వవలసినదంతా ఇచ్చింది", "నాకు ఎలాంటి బకాయీ లేదు" వంటి మాటలు మాత్రం రాయకండి. మర్యాదకు రాసిన ఆ మాటే తర్వాత మీకు అడ్డంగా నిలుస్తుంది. మనుషులకు కృతజ్ఞత చెప్పండి, డబ్బు గురించి లెక్క రాయండి. రాజీనామాకు కారణం పొడుగ్గా వివరించనక్కరలేదు. అత్తగారి ఆరోగ్యం, రోజూ గుంటూరు నుంచి విజయవాడ ప్రయాణం, బిడ్డను చూసుకునేవారు లేకపోవడం, ఇవన్నీ రాస్తే ఆఫీసు ప్రతిదానికీ ఒక పరిష్కారం చెబుతుంది, చర్చ మొదలవుతుంది. ఈ అమ్మాయి లేఖ ఇలా ఉంటే చాలు:

"గౌరవనీయులైన మేనేజరు గారికి,

2021 జూలై 12 నుంచి మీ దగ్గర పనిచేస్తున్నాను. పని నేర్పిన మీకు, కాన్పుకు ముందు నెలల్లో నా పనిని పంచుకున్న సహోద్యోగులకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు. బిడ్డ సంరక్షణ కోసం ఉద్యోగం నుంచి తప్పుకోవాలని నిర్ణయించుకున్నాను. ఈ లేఖను 30 రోజుల నోటీసుగా స్వీకరించి, 2026 ఆగస్టు 14ను నా చివరి పనిదినంగా నమోదు చేయగలరు.

నా ప్రసూతి సెలవు 2026 ఫిబ్రవరి 2 నుంచి ఆగస్టు 2 వరకు. ఆ కాలానికి పూర్తి ప్రసూతి వేతనం చెల్లించగలరు. ఆగస్టు 3 నుంచి 14 వరకు ఉన్న పనిదినాలను నా ఆర్జిత సెలవులో సర్దుబాటు చేసి, మిగిలిన సెలవులకు నగదు ఇప్పించగలరు. ఐదేళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ, చట్టప్రకారం వర్తించే వైద్య బోనస్ చెల్లించి, పీఎఫ్ ఖాతాలో నిష్క్రమణ తేదీ నమోదు చేయించి, రిలీవింగ్ లెటరు, అనుభవ ధ్రువపత్రం ఇప్పించగలరు. పని అప్పగింతకు సంబంధించిన వివరాలు ఫోనులో, ఈమెయిల్‌లో అందిస్తాను.

ఈ లేఖ అందినట్లు తెలియజేయగలరు."

వైద్య బోనస్ అన్నది 3,500 రూపాయలు. కాన్పుకు ముందూ తర్వాతా యజమాని ఉచితంగా వైద్యం ఏర్పాటు చేయకపోతే ఇవ్వాలి. చిన్న మొత్తమే అయినా అడగకపోతే ఎవరూ గుర్తు చేయరు. మీ వేతనం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కడుతూ ఉంటే మాత్రం ప్రసూతి వేతనం వచ్చేది ఈఎస్ఐ సంస్థ నుంచి. అప్పుడు లేఖలో ప్రసూతి వేతనం, వైద్య బోనస్ ప్రస్తావన తీసేయండి. ఆ క్లెయిము ఎంతవరకు వచ్చిందో మీ ఈఎస్ఐ శాఖ కార్యాలయంలో విడిగా చూసుకోవాలి.

లేఖను ఈమెయిల్‌లో పంపండి, కానీ మీ సొంత చిరునామాకు కూడా ఒక ప్రతి పంపుకోండి. ఆఫీసు ఈమెయిల్ ఖాతాను రాజీనామా తర్వాత మూసేస్తారు. దానితో పాటు సంతకం చేసిన ప్రతిని స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచండి. లేఖ పంపే ముందే ఆఫీసు పోర్టల్ నుంచి జీతపు చీటీలు, సెలవు నిల్వ, సెలవు మంజూరు ఉత్తర్వు దించుకోండి. సెలవు మొదలయ్యే ముందు మూడు నెలల చీటీలు ముఖ్యం, ప్రసూతి వేతనం సగటును లెక్కించేది వాటి నుంచే.

ఇంకో సంగతి, సెలవు కాలంలో వేరేచోట జీతానికి చేరకండి. ఇంటి నుంచి చేసే పని అయినా సరే, చేసిన కాలానికి ప్రసూతి వేతనం హక్కు పోతుంది. పీఎఫ్ ఖాతాలో రెండు సంస్థల తేదీలు ఒకదానిపై ఒకటి పడితే అది ఎవరికైనా కనిపిస్తుంది. కొత్త ఉద్యోగం మనసులో ఉంటే చేరే తేదీని పాత ఉద్యోగపు చివరి తేదీ తర్వాతకు పెట్టుకోండి.

ఆఫీసు ఆరోగ్య బీమాలో మీతో పాటు బిడ్డ పేరు ఉంటే చివరి పనిదినంతో అది ఆగిపోవచ్చు. ఆస్పత్రి బిల్లులు ఏవైనా మిగిలి ఉంటే ముందే సమర్పించండి. అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారే వీలు గురించి గడువు ఉండగానే అడగండి.

చివరి లెక్క పత్రం వచ్చినప్పుడు ముందు మొత్తం చూడకండి. ప్రసూతి వేతనం ఏ తేదీ వరకు ఇచ్చారు, నోటీసు పేరుతో ఏమైనా కోత వేశారా, గ్రాట్యుటీ వరుస ఉందా, ఈ మూడు చూడండి. కొత్త వేతన కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారి వేతన బకాయిలు రెండు పనిదినాల్లో చెల్లించాలి. గ్రాట్యుటీకి 30 రోజుల గడువు ఉంది, దానికి విడిగా దరఖాస్తు ఇవ్వండి. డబ్బు ఖాతాలో పడకముందే "ఇక ఏ బకాయీ లేదు" అనే పత్రంపై సంతకం అడిగితే, "ఈ మొత్తం అందాక సంతకం చేస్తానండి" అని మర్యాదగానే చెప్పండి. తప్పనిసరి అంటే సంతకం పక్కన మీకు అందిన మొత్తం ఎంతో, ఏది ఇంకా రావాలో చేత్తో రాసి ఫోటో తీసుకోండి.

గడువు దాటినా స్పందన లేకపోతే మొదటి లేఖను జతచేసి ఒక గుర్తు లేఖ పంపండి, వారం ఆగండి. అప్పటికీ కదలిక లేకపోతే ఆఫీసు ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వాలి. మన ఉదాహరణలో ఆ అమ్మాయి ఉంటున్నది గుంటూరులో అయినా వెళ్లవలసింది విజయవాడకే. ఫిర్యాదులో కోపం అక్కరలేదు. సెలవు తేదీలు, రావలసిన మొత్తాలు, లేఖ పంపిన రోజు, స్పీడ్ పోస్టు రసీదు నంబరు ఉంటే అధికారికి పని సులువవుతుంది. ఇక పీఎఫ్ నిష్క్రమణ తేదీ ఒక్కటే ఆఫీసు పెట్టకుండా ఉంటే దానికోసం ఎవరి చుట్టూ తిరగనక్కరలేదు. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీ పీఎఫ్ సభ్య ఖాతాలో మీరే ఆధార్ ఓటీపీతో నమోదు చేసుకోవచ్చు.