బ్రాకెట్ బరువు తగ్గించడానికి టోపాలజీ ఆప్టిమైజేషన్ ఎలా చేయాలి?

ఎముకలా, చెట్టు కొమ్మలా వంపులు తిరిగిన బ్రాకెట్ బొమ్మ చూసి ముచ్చటపడి చాలామంది ఈ పని మొదలుపెడతారు. పెద్ద దిమ్మె ఇచ్చి, లోడ్‌లు మోయడానికి అక్కర్లేని మెటల్‌ని సాఫ్ట్‌వేర్‌తో తీసేయించడమే టోపాలజీ ఆప్టిమైజేషన్. ఆ ఆకారం బాగుందో లేదో చూసి లాభం లేదు. సాఫ్ట్‌వేర్‌కి మీరు ఏ లోడ్‌లు చెప్పారో వాటికి మాత్రమే అది జవాబు ఇస్తుంది, చెప్పని లోడ్‌ల కోసం ఒక్క గ్రాము మెటల్ కూడా ఉంచదు. నా దగ్గరికి "రిజల్ట్ వింతగా వచ్చింది" అని తెచ్చే ఫైల్స్‌లో దాదాపు అన్నింటిలో తప్పు లోడ్‌ల దగ్గరే ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

ఉదాహరణకి నేను చేసిన ఒక బ్రాకెట్ తీసుకుందాం. ప్యాకింగ్ లైన్‌లో అటూ ఇటూ కదిలే ఒక క్యారేజ్ మీద న్యూమాటిక్ సిలిండర్ ఉంది, దాని వెనక పిన్‌ను పట్టుకునే బ్రాకెట్ ఇది. పాతది ఎంఎస్ ప్లేట్లు వెల్డ్ చేసి చేసినది, 1.9 కిలోలు. క్యారేజ్‌తో పాటు కదులుతుంది కాబట్టి బరువు తగ్గితే నిజంగా ఉపయోగం ఉంది. నేల మీద కదలకుండా కూర్చునే బ్రాకెట్‌కి ఇంత శ్రమ అక్కర్లేదు, ప్లేట్ వెల్డ్ చేసి వదిలేయండి.

మొదటి పని: దిమ్మె గీయడం

సిలిండర్‌కీ మిగతా పార్టులకీ తగలకుండా ఎంత పెద్ద దిమ్మె పడుతుందో అంత గీయండి. నాకు 120 × 80 × 100 మి.మీ. వచ్చింది. 6061 అల్యూమినియంలో దాని బరువు 2.6 కిలోలు. పిన్ రంధ్రం చుట్టూ, నాలుగు ఎం8 బోల్ట్ రంధ్రాల చుట్టూ ముట్టుకోకూడని రింగులు పెట్టండి. ప్రతి బోల్ట్ పైన 22 మి.మీ. వెడల్పున ఖాళీ స్తంభం కూడా గీయండి, సాఫ్ట్‌వేర్ అక్కడ మెటల్ పెట్టకూడదని చెప్పండి. బోల్ట్ తల 13 మి.మీ. కదా అని అంతే వదిలితే సాకెట్ స్పానర్ దూరదు. లెక్క కోసం సాఫ్ట్‌వేర్ దిమ్మెని చిన్న చిన్న ఎలిమెంట్లుగా విడగొట్టే మెష్ 2 మి.మీ. చాలు. ఇంతవరకు అరగంట పని.

లోడ్‌లు: ఇక్కడ తొందరపడొద్దు

సిలిండర్ బోర్ 50 మి.మీ., గాలి 6 బార్. అంటే తోసే బలం సుమారు 1180 న్యూటన్లు. 20 మి.మీ. రాడ్ కొంత వైశాల్యం తినేస్తుంది కాబట్టి వెనక్కి లాగేటప్పుడు 990. ఇక్కడ అందరూ చేసే తప్పు ఏంటంటే, ఈ రెండు బలాల్నీ ఒకే లోడ్ కేస్‌లో పెట్టేస్తారు. రెండూ ఎదురెదురు దిశల్లో ఉన్నాయి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది 190 న్యూటన్లు. లెక్క చేసే సాల్వర్ ఆ 190కి చక్కగా సరిపోయే బ్రాకెట్ ఇస్తుంది. స్క్రీన్ మీద ఎర్రర్ ఏమీ రాదు, అందుకే ఈ తప్పు చివరిదాకా దొరకదు. ఒకే సమయంలో పనిచేసే బలాలు ఒక కేస్‌లో ఉండాలి, వేర్వేరు సమయాల్లో వచ్చేవి వేర్వేరు కేసుల్లో ఉండాలి.

ఇంకో సంగతి. ఈ సిలిండర్ పని చేసేటప్పుడు పిన్ మీద పైకీ కిందికీ 12 డిగ్రీలు ఊగుతుంది. 12 డిగ్రీలే కదా అనిపిస్తుంది కానీ 1180లో 245 న్యూటన్లు నిలువుగా పడతాయి. కాబట్టి తోపుకి రెండు కేసులు పెట్టాను: ఒకటి పైకి 12 డిగ్రీలు, ఒకటి కిందికి 12 డిగ్రీలు. లాగడానికి వేరే కేసులు ఇవ్వలేదు. దిశ తిరగేసినా దృఢత్వం లెక్క మారదు, బలం కూడా తోపుకన్నా తక్కువే. ఇది లీనియర్ లెక్క కాబట్టే ఈ సౌకర్యం.

మూడో కేస్ పక్క బలం. బాక్స్ ఇరుక్కుపోయినప్పుడు ఆపరేటర్ సిలిండర్‌ని పట్టుకుని పక్కకి గుంజుతాడు. ఇది ఏ డ్రాయింగ్‌లోనూ ఉండదు, లైన్ పక్కన నిలబడి చూస్తేనే తెలుస్తుంది. దానికి 150 న్యూటన్లు వేశాను.

వేసినా మొదటిసారి ఆ బలం కోసం రిజల్ట్‌లో ఒక్క రిబ్ కూడా రాలేదు. ఎందుకంటే సాల్వర్ తగ్గించేది వంగినప్పుడు పార్టులో నిండే శక్తిని, ఆ శక్తి బలం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1180 అనేది 150కి దాదాపు 8 రెట్లు, కానీ లెక్కలో దాని మాట 60 రెట్లకు పైగా చెల్లుతుంది. చిన్న బలం గొంతు సాల్వర్‌కి వినపడదు. దీనికి నా పద్ధతి ఒకటే: ఆప్టిమైజేషన్‌కి ముందు, పూర్తి దిమ్మె మీద ఒక్కో కేస్‌ని విడిగా మామూలు స్ట్రెస్ అనాలిసిస్ చేసి ఆ శక్తిని, అంటే స్ట్రెయిన్ ఎనర్జీని రాసుకోండి. ఎనర్జీ తక్కువ ఉన్న కేస్‌కి ఆ నిష్పత్తిలో వెయిట్ అనే ప్రాధాన్యం అంకెని పెంచండి, మొదట్లో అన్ని కేసులూ సమానంగా ఉండేలా. పది నిమిషాల పని. ఇది చేయకుండా రన్ నొక్కడాన్ని నేను ఒప్పుకోను.

లోడ్ కేసులు విడిగా ఇవ్వడం నా చాదస్తం అనుకోవద్దు. 2013లో జీఈ కంపెనీ జెట్ ఇంజిన్ బ్రాకెట్ మీద అందరికీ పోటీ పెట్టినప్పుడు కూడా నాలుగు కేసులు విడివిడిగా ఇచ్చింది: నిలువుగా, అడ్డంగా, 42 డిగ్రీల వాలులో, మెలితిప్పుతూ. 2033 గ్రాముల బ్రాకెట్‌ని 327 గ్రాములకు తెచ్చి గెలిచింది ఇండోనేషియా ఇంజనీర్ ఎం. అరీ కుర్నియావాన్. అంత బక్కపలచటి పార్ట్ కూడా ఆ నాలుగింటినీ తట్టుకోవాల్సిందే.

ఇక సపోర్టులు. బ్రాకెట్ అడుగు మొత్తాన్ని ఫిక్స్ చేసేస్తారు చాలామంది. అలా చేస్తే అడుగంతా జిగురు పెట్టి అంటించినట్టు లెక్క. సాల్వర్ వెంటనే పిన్ కింద నేరుగా ఒక కాలు దింపుతుంది, ఆ చుట్టుపక్కల బోల్టే ఉండదు. నిజంలో లాగేటప్పుడు ఆ కాలు గాల్లోకి లేస్తుంది. ప్రతి బోల్ట్ చుట్టూ వాషర్ కూర్చునే 16 మి.మీ. వలయాన్ని మాత్రమే ఫిక్స్ చేయండి. రిజల్ట్‌లో కాళ్లు బోల్టుల దగ్గరికి వచ్చి ఆగితే సపోర్టులు సరిగా ఇచ్చినట్టే.

ఎలా తయారవుతుందో ముందే చెప్పాలి

నేను చేయించేది బాలానగర్‌లో మూడు యాక్సిస్‌ల వీఎంసీ మిల్లింగ్ మెషిన్ మీద. 3డీ ప్రింటింగ్ అయితే వాలు 45 డిగ్రీల పరిమితి పెట్టుకోవాలి, ఆ దారి వేరు. మిల్లింగ్‌కి కట్టర్ వెళ్లే దిశ చెప్పాలి. నేను పిన్ ఇరుసు దిశనే ఇస్తాను, రెండు వైపుల నుంచీ. 80 మి.మీ. వెడల్పుకి ఒక్కో వైపు 40 లోతు వస్తుంది, 10 మి.మీ. ఎండ్ మిల్ ఆ లోతు వరకు వణకకుండా కోస్తుంది. అతి సన్నని రిబ్ 6 మి.మీ. అని పెట్టండి, అంటే మెష్‌లో మూడు ఎలిమెంట్లు. అంతకన్నా తక్కువ ఎలిమెంట్లతో వచ్చిన రిబ్‌ని నమ్మలేం. ఎంత మెటల్ మిగలాలి అంటే దిమ్మెలో 25 శాతంతో మొదలుపెట్టండి, ఇక్కడ అది 650 గ్రాములు.

జెనరేటివ్ డిజైన్‌లోనూ అడిగేవి ఇవే. తేడా ఏంటంటే అది మెటీరియల్, తయారీ పద్ధతి మార్చి మార్చి ఒకేసారి పదుల కొద్దీ ఆకారాలు ఇస్తుంది. లోడ్‌లు తప్పయితే పదుల కొద్దీ తప్పు ఆకారాలు వస్తాయి, వాటిలో అందమైనది ఎంచుకుని సంబరపడతారు. ముందు ఒక్క టోపాలజీ రన్ చేసి, అది అర్థమయ్యాకే జెనరేటివ్‌కి వెళ్లాలి.

వచ్చిన ఆకారాన్ని చదవడం

రిజల్ట్ ఒక పార్ట్ కాదు, ప్రతి ఎలిమెంట్‌కీ 0 నుంచి 1 మధ్య ఒక సాంద్రత. ఎంత పైన ఉంటే చూపించాలో నిర్ణయించే స్లైడర్ ఒకటి ఉంటుంది. దాన్ని 0.2 నుంచి 0.6 వరకు మెల్లగా జరపండి. జరిపినంతసేపూ నిలబడి ఉన్న కాళ్లే అసలు నిర్మాణం. 0.4 దగ్గర తెగిపోయే వెంట్రుకల్లాంటివి గీయక్కర్లేదు. నా బ్రాకెట్‌లో పిన్ నుంచి వెనక బోల్టులకు రెండు లావు కాళ్లు, ముందు బోల్టులకు రెండు సన్న కాళ్లు, ఆ రెండు పక్కల్నీ కలుపుతూ మధ్యలో ఒక పలక నిలబడ్డాయి. ఆ పలక ఎందుకుందని అడగండి. పక్క బలం కేస్‌ని తీసేసి మళ్లీ రన్ చేస్తే అది మాయమైంది, అంటే అది ఆపరేటర్ గుంజుడు కోసం వచ్చింది. ప్రతి కాలికీ ఇలా కారణం చెప్పగలిగాకే గీయడం మొదలుపెట్టాలి.

ఆ గడ్డలున్న మెష్‌ని నున్నగా చేసి నేరుగా షాప్‌కి పంపొద్దు. కొత్తగా గీయండి. వంకర కాళ్లని తిన్నని రిబ్బులు చేయండి, లోపలి మూలలన్నీ 5.5 మి.మీ. రేడియస్. కట్టర్ రేడియస్ 5 కాబట్టి మూలలో ఆగిపోకుండా తిరుగుతుంది. గీశాక నా పార్ట్ 710 గ్రాములు తేలింది. పెరిగిన 60 గ్రాములకు బాధపడొద్దు, మిల్లింగ్ సమయంలో అంతకన్నా ఎక్కువే మిగులుతుంది.

తర్వాత గీసిన పార్ట్ మీద మళ్లీ అన్ని కేసులూ అనాలిసిస్ చేయండి, ఈసారి లాగే కేస్ కూడా వేసి. ఆప్టిమైజేషన్ దృఢత్వాన్ని మాత్రమే చూసింది, స్ట్రెస్‌ని కాదు. సన్న కాలు ఒత్తిడికి పక్కకి వంగిపోయి బకిల్ అవుతుందేమో కూడా అది చూడలేదు, దాన్నీ విడిగా చెక్ చేయాలి. 6061-టి6 యీల్డ్ 276 మెగాపాస్కల్స్ కదా అని 150 దగ్గర హాయిగా కూర్చోవద్దు. నిమిషానికి 20 స్ట్రోకులు, రోజుకి 16 గంటలు, ఏడాదికి 300 రోజులు అంటే 57 లక్షల 60 వేల సార్లు. అల్యూమినియం ఎంత తక్కువ స్ట్రెస్‌కైనా ఎప్పటికో అలసిపోతుంది. నేను మూలల దగ్గర 60 దాటనివ్వను. దాటితే రేడియస్ పెంచండి, రిబ్ లావు తర్వాత చూడొచ్చు. ఫిక్స్ చేసిన వలయం అంచున ఒకటి రెండు ఎలిమెంట్లు ఎర్రగా కనిపిస్తే టెన్షన్ పడొద్దు, అది ఫిక్స్ చేసిన పద్ధతి వల్ల వచ్చే అంకె, మెష్ చిన్నది చేసేకొద్దీ పెరుగుతూనే ఉంటుంది.

మొదటి పీస్ రాగానే బిగించి, పిన్ దగ్గర డయల్ గేజ్ పెట్టి, రాడ్‌ని గట్టి స్టాపర్‌కి ఆనించి 6 బార్ గాలి ఇవ్వండి. నా లెక్క 0.04 మి.మీ., గేజ్ చూపించింది 0.11. గేజ్ స్టాండ్‌ని మెషిన్ ఫ్రేమ్ మీద నుంచి తీసి, బ్రాకెట్ కూర్చున్న క్యారేజ్ ప్లేట్ మీద, బోల్ట్ పక్కనే పెట్టాను. అప్పుడు 0.05 వచ్చింది. మిగతా 0.06 ఆ ప్లేట్‌ది, బ్రాకెట్ కింద అది వంగుతోంది. బ్రాకెట్‌ని అలాగే ఉంచి, ప్లేట్ కింద ఒక రిబ్ వేయించాను.