ప్రచార వీడియోలో మార్పులు కోరుతూ ఎడిటర్‌కు ఉత్తరం రాయడం ఎలా?

మా పచ్చళ్ల దుకాణానికి మొదటిసారి ఆవకాయ వీడియో చేయించినప్పుడు, "బాగుంది కానీ ఇంకాస్త ఆకర్షణీయంగా ఉండాలి" అని ఎడిటర్‌కు రాశాను. ఆయన రెండు రోజులు కష్టపడి అక్షరాలకు మెరుపులు పెట్టి, సంగీతం వేగం పెంచి పంపారు. నాకు నచ్చనిది పచ్చడి రంగు. ఆ మాట నా ఉత్తరంలో ఎక్కడా లేదు.

కలం పట్టకముందే వీడియోను ఫోనులో చూడండి, కొనేవాళ్లు చూసేది అందులోనే కాబట్టి. ఒకసారి శబ్దంతో, ఒకసారి శబ్దం లేకుండా చూసి, మూడోసారి ఆపుతూ రాసుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో నాణ్యత తగ్గుతుంది. మసకగా కనిపిస్తే ఎడిటర్‌ను తప్పుపట్టే ముందు అదే ఫైలును డాక్యుమెంటుగా పంపమని అడగండి. ఇంట్లో వాళ్ల అభిప్రాయాలు కూడా అప్పుడే తీసుకోండి. రోజుకొక మార్పు చెబితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

ఇక ఉత్తరం. ప్రతి మార్పుకూ మూడు సంగతులు రాయాలి: ఏ సెకను దగ్గర, ఏం కనిపిస్తోంది, ఎందుకు ఇబ్బంది. ఈ మూడోదాన్నే చాలామంది వదిలేస్తారు. "ఎరుపు పెంచండి" అంటే ఆయన ఎరుపు పెంచుతారు, దాంతో పచ్చడి కలిపే చేతులు కూడా ఎర్రబడతాయి. "సీసా అందుకున్నవాళ్లు వీడియోలో చూపింది ఇది కాదంటారు" అని కారణం చెబితే, పచ్చడి ఒక్కదాని రంగే సరిచేసే దారి ఆయనే వెతుకుతారు. పగటి వెలుగులో తీసిన ఫొటో ఒకటి జతచేస్తే ఇంకా మేలు. అయితే పసుపు బల్బు కింద తీసిన దృశ్యాన్ని కొంతవరకే సరిచేయగలరు. అది దాటితే ముక్కలు రంగు వేసినట్లు కనిపిస్తాయి. అప్పుడు ఆ దృశ్యాన్ని మళ్లీ తీయడమే మంచిది.

తెలుగు అక్షరాలను ప్రత్యేకంగా చూడండి. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో భారతీయ లిపులకు సంబంధించిన సెట్టింగు మార్చకపోతే ఒత్తులు విడిపోతాయి. "స్వచ్ఛమైన" అన్న మాటలో చకారం కింద ఉండాల్సిన ఒత్తు పక్కకు వచ్చి పడుతుంది. ఎడిటర్‌కు తెలుగు రాకపోతే అది తప్పని కూడా తెలియదు. అందుకే సరైన మాటను కాగితం మీద రాసి ఫొటో తీయకుండా, ఫోనులో టైపు చేసి పంపండి. అదే కాపీ చేసుకోమనండి.

ఎడిటర్ పొరపాట్లనూ మీ కొత్త ఆలోచనలనూ ఒకే వరుసలో కలిపేయవద్దు. అక్షరాలు సరిచేయడం ఒప్పుకున్న పనిలోదే. గొంతు మళ్లీ రికార్డు చేయించడం మాత్రం కొత్త పని, దానికి డబ్బు అడగడం న్యాయం. నచ్చినవీ చెప్పండి. చెప్పకపోతే మార్పుల్లో అవీ పోవచ్చు.

ఇవన్నీ కలిపితే ఉత్తరం ఇలా ఉంటుంది:

> నమస్కారమండి. మీరు పంపిన avakaya_v1.mp4 చూశాం. 0:15 దగ్గర అమ్మ చేతులతో నూనె కలిపే దృశ్యం చాలా బాగుంది, దాన్ని అలాగే ఉంచండి.
>
> సరిచేయాల్సినవి:
> 0:07 నుంచి 0:11 వరకు – ఆవకాయ నారింజ రంగులో కనిపిస్తోంది. మా పచ్చడి ముదురు ఎరుపు. సీసా అందాక తేడా ఉందంటారు. ఫొటో జతచేశాను.
> 0:18 – "స్వచ్ఛమైన" అన్న మాటలో ఒత్తు విడిపోయింది. ఇక్కడి నుంచే కాపీ చేయండి: స్వచ్ఛమైన నువ్వుల నూనెతో
> 0:26 – ఫోను నంబరు మరీ కింద ఉంది. ఇన్‌స్టాగ్రామ్ రీల్‌లో పేరు, వివరణ దాని మీద పడుతున్నాయి. మధ్యకు జరపండి.
>
> కొత్తగా కోరుతున్నది:
> 0:22 దగ్గర ధర మేమే ఇచ్చాం, ఇప్పుడు తీసేయాలనుకుంటున్నాం. మామిడికాయల రేటును బట్టి ఏటా మారుతుంది, వివరణలో రాసుకుంటాం. ధర చదివిన గొంతు కూడా తీసేయాలి. దీనికి అదనంగా ఎంతవుతుందో ముందు చెప్పండి.
>
> శుక్రవారం సాయంత్రానికి avakaya_v2.mp4 పేరుతో పంపగలరా? వీలుకాకపోతే ఏ రోజు కుదురుతుందో తెలియజేయండి.

కొత్త వీడియో వచ్చాక ఉత్తరాన్ని పక్కన పెట్టుకుని, రాసిన సెకన్ల దగ్గర సరిచూడండి. ఆ తర్వాత మొదటి నుంచి చివరి దాకా ఒకసారి తప్పక చూడాలి. 0:22 దగ్గర గొంతులో రెండు సెకన్లు తీసేస్తే, దృశ్యాలు ఉన్నచోటే ఉండి ఆ తర్వాతి మాటలు మాత్రం ముందుకు జరగవచ్చు. మాకు అలాగే జరిగింది: ఫోను నంబరు తెర మీదికి రాకముందే గొంతు దాన్ని చదివేసింది.