పిల్లలకు ముద్ర వేయకుండా ఎదుగుదల చెక్‌లిస్టు నింపడం ఎలా?

మూడేళ్ల పిల్లల చెక్‌లిస్టు నింపేటప్పుడు పొరపాటు టిక్కు పెట్టే గడిలో కన్నా పక్కనున్న ‘వ్యాఖ్య’ గడిలోనే ఎక్కువగా జరుగుతుంది. ‘సిగ్గరి’, ‘మొండి’, ‘మాటల్లో వెనకబడింది’ అని రాసేస్తాం. వచ్చే ఏడాది టీచరు పాపను చూడకముందే ఆ మాట చదువుతుంది.

ముందు వయసును నెలల్లో లెక్కకట్టండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే, రెండేళ్లు వచ్చేదాకా ఎన్ని వారాలు ముందు పుట్టిందో అన్ని వారాలు తీసేసి చూడాలి. గడువు అందరికీ ఒక్కటి కాదని కూడా గుర్తుంచుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కొందరు 8 నెలలకే ఆసరా లేకుండా నడిచారు, కొందరు 17 నెలలు దాటాక నడిచారు.

తర్వాత ‘అవును, కాదు’ గడులను తీసేసి మూడు గుర్తులు పెట్టుకోండి: ‘చూశాను’, ‘సాయం చేస్తే చేసింది’, ‘ఇంకా చూడలేదు’. ఈ మూడోదే కీలకం. ‘చేయలేదు’ అంటే బిడ్డ గురించి చెప్పడం, ‘చూడలేదు’ అంటే మన గమనింపు గురించి చెప్పడం.

ఒక ఉదాహరణ చూద్దాం. పాపకు 40 నెలలు. ‘చిన్న వాక్యాలతో మాట్లాడుతుంది’ అనే గడి ఖాళీగా ఉంది. అందరూ గుండ్రంగా కూర్చున్నప్పుడు ప్రశ్న అడిగితే తల వంచుకుంటుంది. అప్పుడు రాయాల్సింది ఇంతే: ‘సోమవారం ఉదయం, 12 మంది మధ్య మూడు ప్రశ్నలు అడిగాను. రెండింటికి తల ఊపింది, ఒకదానికి చూపుడు వేలితో చూపింది.’ ఇక రెండు వారాల్లో వేరే వేళల్లో, వేరే చోట్ల కనీసం మూడుసార్లు ఐదేసి నిమిషాలు గమనించండి. నీళ్ల తొట్టి దగ్గర పక్క పిల్లతో ‘నా గిన్నె నిండింది, నీది ఇవ్వు’ అంటుంది. ఆ మాటలను ఆమె అన్నట్టే, తేదీతో రాసుకోండి. అక్కడితో గడి నిండింది. గుంపులో ఎందుకు మాట్లాడటం లేదన్నది వేరే ప్రశ్న, దానికి వేరే గమనింపు కావాలి.

నీళ్ల తొట్టి దగ్గరా మాట రాకపోతే? ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, అక్కడ ఎలా మాట్లాడుతుందో తల్లిదండ్రులను అడగండి. ఇంట్లోనూ అంతే అయితే వినికిడి పరీక్షకు పంపడం మొదటి పని. చెక్‌లిస్టు రోగ నిర్ధారణ కాదు, కాబట్టి జబ్బు పేరు మన నోట రాకూడదు. ‘ఈ మూడు చోట్ల ఇది చూశాను, ఒకసారి చెవులు చూపించండి’ అని చెబితే చాలు.

ముద్ర వేస్తామేమోనన్న భయంతో ఆలస్యం చేయడం కూడా తప్పే. ముఖ్యంగా, వచ్చిన మాటలు గాని నడక గాని పోతే రెండు వారాలు ఆగకండి. ఏది, ఎప్పటి నుంచి పోయిందో రాసిచ్చి వెంటనే పిల్లల వైద్యుడి దగ్గరకు పంపండి.