క్లోజపిన్ లెవెల్ ఉన్నట్టుండి పెరిగిందా? డోసు ముట్టుకునే ముందు ఇవి చూడండి

సమస్య

వార్డు నుంచి ఫార్మసీకి వచ్చే ఫోన్ ఎక్కువగా ఇలాగే ఉంటుంది. పేషెంటు ఏడాదిగా అదే డోసు క్లోజపిన్ వాడుతున్నాడు, ఏ ఇబ్బందీ లేదు. అడ్మిట్ అయిన వారానికి మాత్రం పగలంతా మత్తుగా పడి ఉంటున్నాడు, చొంగ కారి దిండు తడిసిపోతోంది, చేతులు ఉన్నట్టుండి అదురుతున్నాయి, మోషన్ అయి నాలుగు రోజులైంది. లెవెల్ చేయిస్తే పాతదానికి దాదాపు రెట్టింపు వచ్చింది. డోసు ఒక్క మిల్లీగ్రాము కూడా మారలేదు, మరి ఎందుకు పెరిగింది?

ముందు శాంపిల్ టైమ్ చూడండి

ఎన్నిసార్లు చెప్పినా దీన్నే వదిలేస్తున్నారు. క్లోజపిన్ లెవెల్‌కి రక్తం రాత్రి డోసు వేసిన 12 గంటలకు, ఉదయం డోసు వేయకముందు తీయాలి. మనం పోల్చుకునే అంకెలన్నీ, అంటే మిల్లీలీటరుకు 350 నుంచి 600 నానోగ్రాములు అనే రేంజ్ కూడా, ఆ టైమ్‌కి లెక్కగట్టినవే. ఉదయం మాత్ర ఎనిమిదింటికి వేసి పదింటికి రక్తం తీస్తే వచ్చేది పీక్‌కి దగ్గరి అంకె, దాన్ని చూసి డోసు తగ్గిస్తే నిజంగా బాగున్న పేషెంటుని కింద పడేసినట్టే. రిపోర్టు మీద ఉండే టైమ్‌ని నమ్ముకోకండి, అది చాలాసార్లు శాంపిల్ ల్యాబ్‌కి చేరిన టైమ్. చివరి డోసు ఎప్పుడు ఇచ్చారో, రక్తం ఎప్పుడు తీశారో నర్సుని అడగండి. డోసు మార్చి వారం కూడా కాకపోతే లెవెల్ ఇంకా కుదురుకోలేదని కూడా గుర్తుంచుకోండి.

ఇంకొకటి, ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ నార్మల్‌గా ఉన్నాయి కాబట్టి లివర్ వైపు ఏమీ లేదు అంటుంటారు. లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చేవి అవి. క్లోజపిన్‌ని ప్రధానంగా అరగదీసే ఎంజైమ్ సీవైపీ1ఏ2, దాని పని మందగించినా జోరందుకున్నా ఎల్‌ఎఫ్‌టీలో ఏమీ కనపడదు.

అసలు కారణం: పొగ ఆగిపోవడం

శాంపిల్ టైమ్ సరిగ్గా ఉందని తేలాక అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇంటి దగ్గర పొగ తాగేవాడా, వార్డులో మానేశాడా? చార్టులో ఎక్కడా రాయరు కాబట్టి మమ్మల్ని మళ్ళీ మళ్ళీ ఇబ్బంది పెట్టే కారణం ఇదే. కొత్త మందు కలిస్తే ఇంటరాక్షన్ వెతుకుతాం, కానీ ఇక్కడ కలిసిందేమీ లేదు, ఉన్నదే పోయింది.

పొగాకు కాలినప్పుడు పుట్టే కొన్ని హైడ్రోకార్బన్‌లు సీవైపీ1ఏ2 తయారీని పెంచుతాయి. దాంతో మందు త్వరగా అరిగిపోతుంది, అందుకే పొగ తాగేవారికి మామూలుగా ఎక్కువ డోసు పడుతుంది. పొగ ఆగిన మొదటి మూడు నాలుగు రోజుల్లోనే ఆ అదనపు ఎంజైమ్ చాలావరకు తగ్గిపోతుంది, వారం గడిచేసరికి లెవెల్ సగం మేర పెరగొచ్చు, కొందరిలో రెట్టింపు కూడా అవుతుంది. లక్షణాలు అడ్మిట్ అయిన రోజు కాకుండా వారానికి బయటపడేది ఇందుకే.

నికోటిన్‌కి ఇందులో పాత్ర లేదు, పనంతా పొగదే. కాబట్టి గమ్ నములుతున్నాడు, ప్యాచ్ వేశాం, ఏమీ మారదులే అనుకోవద్దు. ఖైనీ, గుట్కా తినేవారిలో ఈ ఎంజైమ్ పెరగదు. బీడీ, చుట్ట మాత్రం సిగరెట్ లాగే లెక్క. 'సిగరెట్ తాగుతారా' అని అడిగితే బీడీ తాగే మనిషి లేదంటాడు, ఆయన చెప్పింది నిజమే, అడగడమే సరిగ్గా లేదు. ఆడవాళ్ళని అసలు అడగరు. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే పెద్దవాళ్ళు ఉన్నారు, 'చుట్ట అలవాటు ఉందా అమ్మా' అని మామూలుగా అడిగితే చెబుతారు.

ఒక చిక్కు ఉంది. వార్డులోకి రాగానే రెండు మార్పులు ఒకేసారి జరుగుతాయి: పొగ ఆగుతుంది, మందులు నర్సు చేత్తో టైమ్‌కి పడతాయి. ఇంట్లో సగం డోసులు మానేసే మనిషికైతే ఈ రెండోది ఒక్కటే చాలు లెవెల్ పెరగడానికి. ఇంట్లో మిగిలిన స్ట్రిప్పులు తెమ్మనండి, మందులిచ్చేది ఎవరో అడగండి. ఓపీలో చేసిన రెండు మూడు లెవెల్స్ దగ్గర దగ్గరగా ఉంటే సాధారణంగా సరిగ్గానే వేసుకుంటున్నట్టు.

ఒక కేసు లెక్క

ఉదయం 150, రాత్రి 300, మొత్తం 450 మిల్లీగ్రాములు వాడే మనిషి అనుకుందాం. రోజుకు కట్ట బీడీలు. ఓపీలో లెవెల్ 410. షుగర్ కంట్రోల్ కోసం మెడికల్ వార్డులో చేరాడు, జ్వరం లేదు, కొత్త యాంటీబయాటిక్ లేదు. ఎనిమిదో రోజున సరైన టైమ్‌కి తీసిన లెవెల్ 790, పైన చెప్పిన లక్షణాలన్నీ ఉన్నాయి.

పొగ మానినవారికి వారంలో మెల్లగా తగ్గిస్తూ పాత డోసులో సుమారు ముప్పావు వంతుకు తేవడం వాడుకలో ఉన్న పద్ధతి. 450లో ముప్పావు సుమారు 338, కాబట్టి 325 అనుకుందాం. 790ని 450తో భాగించి 325తో గుణిస్తే 570 వస్తుంది, అది రేంజ్ లోపలే. ఈయనకి ఇప్పటికే లక్షణాలు ఉన్నాయి కాబట్టి ఒక డోసు ఆపాలా, ఎంత త్వరగా తగ్గించాలి అన్నది సైకియాట్రిస్ట్ నిర్ణయించాలి. లెవెల్ 1000 దాటినా, ఫిట్స్ వచ్చినా వెంటనే పిలవండి. మలబద్ధకాన్ని అదే రోజు చూడాలి, క్లోజపిన్‌తో పేగు కదలిక ఆగిపోయి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. భయపడి మందు మొత్తం ఆపేయకండి, 48 గంటలు దాటితే మళ్ళీ 12.5 నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. వారానికి లెవెల్ మళ్ళీ పంపండి.

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. 325 మీద డిశ్చార్జ్ అయిన మనిషి బస్టాండులోనే బీడీ వెలిగిస్తాడు. ఎంజైమ్ మళ్ళీ పెరుగుతుంది, అదే లెక్కన 410ని 450తో భాగించి 325తో గుణిస్తే 296, అంటే 350 కంటే కింద. కొన్ని వారాలకు మాటలు వినపడుతున్నాయని వస్తే మందు మానేశాడని ఇంట్లోవాళ్ళు ఆయన్ని తిడతారు, ఆయనేమో ఒక్క మాత్ర కూడా మానలేదు. కాబట్టి డిశ్చార్జ్ కాగితం మీద ఈ డోసు పొగ లేకుండా ఉన్నప్పటిదని, మళ్ళీ మొదలుపెడితే ఫోన్ చేయమని రాయండి, ఇంట్లోవాళ్ళకి నోటితో కూడా చెప్పండి. మళ్ళీ తాగుతున్నాడని తెలిస్తే లెవెల్ చూసి వారంలో మెల్లగా పాత డోసుకు తీసుకెళ్తారు, మరో వారానికి ఇంకో లెవెల్.

మిగతావి

ఫ్లూవోక్సమైన్ కలిపితే లెవెల్ చాలా రెట్లు పెరగొచ్చు, సిప్రోఫ్లాక్సాసిన్ కూడా పెంచుతుంది, రెండూ మందుల చార్టులోనే కనపడతాయి. న్యుమోనియా లాంటి ఇన్ఫెక్షన్‌లో కూడా లెవెల్ ఎక్కుతుంది. కార్బమజపిన్ లెవెల్‌ని దించుతుంది, తెల్ల రక్తకణాల భయం వల్ల క్లోజపిన్‌తో దాన్ని ఎలాగూ కలపరు. కాఫీ బాగా ఎక్కువ తాగేవారిని తప్ప దాని గురించి అడగనక్కర్లేదు.

ఒలాంజపిన్‌కి ఇదే సంగతి, కాస్త తక్కువ మోతాదులో. రిస్పెరిడోన్‌ది ప్రధానంగా సీవైపీ2డీ6 దారి, కాబట్టి పొగ మానాడని దాని డోసు తగ్గించకండి. లిథియం లెవెల్ పెరిగితే ఈ షీట్ పక్కన పెట్టండి, లివర్‌కి దానితో సంబంధం లేదు. క్రియాటినిన్, ఒంట్లో నీళ్ళు తగ్గడం, నొప్పి మాత్రలు, కొత్తగా మొదలైన బీపీ మాత్ర, ఇవి చూడండి.