నడిచినంతసేపు బానే ఉంది, ఆగాకే కళ్ళు తిరిగాయి: బీపీ బిళ్ళ కొత్తలో ఎక్సర్‌సైజ్

బీపీ బిళ్ళ మొదలెట్టిన తొమ్మిదో రోజు మా బావగారు పొద్దున ఆరింటికి బిళ్ళ వేసుకుని, ఎనిమిదింటికి వాకింగ్‌కి వెళ్ళి, ముప్పావుగంట బాగా స్పీడ్‌గా నడిచి, గేటు దగ్గరికి రాగానే ఫోన్ మోగితే అక్కడే నిలబడి మాట్లాడాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు, కళ్ళ ముందు చీకట్లు కమ్మి గేటు పట్టుకుని కూలబడ్డాడు. లేచాక ఆయన అన్న మొదటి మాట "ఈ బిళ్ళ నాకు పడట్లేదురా, రేపట్నుంచి మానేస్తా". చాలామంది అనేది ఇదే, చాలాసార్లు తప్పయ్యేది కూడా ఇదే. నడుస్తున్నప్పుడు ఏమీ కాలేదు చూడండి, ఆగాకే అయింది. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

సమస్య 1: ఆగిన ఐదు నిమిషాల్లోపు తల తేలిపోవడం, చీకట్లు కమ్మడం

ఎందుకవుతుందంటే, నడిచేటప్పుడు కాళ్ళ కండరాలకి రక్తం బాగా కావాలి కాబట్టి అక్కడి రక్తనాళాలు బాగా తెరుచుకుంటాయి. అంత రక్తం కిందకి వెళ్ళినా బీపీ పడిపోదు, ఎందుకంటే అడుగు పడ్డ ప్రతిసారీ పిక్కలు బిగుసుకుని రక్తాన్ని పైకి గుండెకి తోస్తుంటాయి, ఓ పంపులాగా అన్నమాట. మీరు టక్కున ఆగిపోతే పంపు ఆగిపోయింది, తెరుచుకున్న నాళాలు మాత్రం వెంటనే మూసుకోవు. రక్తం కాళ్ళలోనే నిలిచిపోతుంది, గుండెకి తక్కువ వస్తుంది, మెదడుకి తక్కువ వెళ్తుంది.

ఇది బిళ్ళ వేసుకోని వాళ్ళకి కూడా కాస్తో కూస్తో జరిగేదే. ఎక్సర్‌సైజ్ తర్వాత కొన్ని గంటలపాటు బీపీ మామూలుకంటే ఓ ఐదు పది పాయింట్లు తక్కువుండటం మంచి విషయమే, బీపీ ఉన్నవాళ్ళలో ఇంకాస్త ఎక్కువగా తగ్గుతుంది. బిళ్ళ కొత్తలో ఏమవుతుందంటే ఈ తగ్గుదలా బిళ్ళ తెచ్చే తగ్గుదలా ఒకదాని మీద ఒకటి పడతాయి.

దాంతోపాటు ఇంకోటి ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఏళ్ళ తరబడి 160ల్లో ఉన్న మనిషి మెదడు ఆ ప్రెషర్‌కే అలవాటుపడిపోయి ఉంటుంది, అందుకని మామూలు మనిషికి హాయిగా ఉండే 115 కూడా మొదట్లో ఇతనికి తక్కువగానే అనిపిస్తుంది. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఆ కొన్ని వారాలే మనం జాగ్రత్తగా దాటాల్సింది.

అప్పటికప్పుడు ఏం చెయ్యాలి: కూర్చోండి, కుదిరితే పడుకుని కాళ్ళు కాస్త ఎత్తులో పెట్టండి. పక్కనున్న వాళ్ళు ప్రేమకొద్దీ భుజాలు పట్టుకుని నిలబెడతారు, అది మాత్రం వద్దు, నిలబెడితే రక్తం ఇంకా కిందకే పోతుంది. కూర్చోడానికి చోటు లేకపోతే కాళ్ళు ఒకదానిమీద ఒకటి వేసి తొడలు, పిక్కలు గట్టిగా బిగించండి, పిడికిళ్ళు కూడా. ఊపిరి మాత్రం బిగబట్టకండి. తగ్గాక కూడా ముందు కూర్చుని, కాసేపాగి, అప్పుడు లేవాలి.

అసలు రిపేర్: ఆగడం నేర్చుకోవడం. చివరి పది నిమిషాలు స్పీడ్ తగ్గించుకుంటూ రావాలి, ఆఖరి రెండు మూడు నిమిషాలు ఏదో వస్తువు పోయినట్టు వెతుక్కుంటూ నడిచినంత మెల్లగా. ట్రెడ్‌మిల్ అయితే స్టాప్ బటన్ నొక్కి దిగిపోవద్దు, స్పీడ్ దించుకుంటూ రండి. ఎవరైనా పలకరిస్తే నిలబడి మాట్లాడకండి, నడుస్తూ మాట్లాడండి, లేదా కూర్చోండి. ఇంటికొచ్చాక వెంటనే వేడినీళ్ళ స్నానం కూడా వద్దు, వేడికి ఒంటిమీది నాళాలు కూడా తెరుచుకుంటాయి కాబట్టి దెబ్బ మీద దెబ్బ. అరగంట ఆగి, గోరువెచ్చని నీళ్ళతో చెయ్యండి.

సమస్య 2: మొదటి వారం బానే ఉన్నా, రెండో వారంలో మొదలైంది

ఇది బిళ్ళని బట్టి ఉంటుంది. ఆమ్లోడిపిన్ ఒంట్లో నెమ్మదిగా పేరుకునే రకం, రోజూ వేసుకుంటే పూర్తి స్థాయికి రావడానికి దాదాపు వారం పైన పడుతుంది. అంటే రెండో రోజు మీరు నడిచింది బిళ్ళ సగం బలం మీద, తొమ్మిదో రోజు నడిచింది పూర్తి బలం మీద. టెల్మిసార్టన్ లాంటివి కూడా పూర్తి ప్రభావం చూపించడానికి నాలుగు వారాల దాకా తీసుకోవచ్చు. అందుకే "మొదటి మూడు రోజులు ఏం కాలేదు, ఇంక భయం లేదు" అనుకోవడం కుదరదు.

మూత్రం ఎక్కువ పోయే మందు, అంటే హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటివి, వీటి కథ వేరు. మొదటి వారాల్లోనే ఒంట్లో నీళ్ళూ ఉప్పూ ఎక్కువ పోతాయి, తర్వాత తర్వాత శరీరం కొంత సర్దుకుంటుంది. ఆ మొదటి రోజుల్లో ఎండలో చెమట కారేలా నడిస్తే రెండువైపులా నీళ్ళు పోయినట్టు. కాంబినేషన్ బిళ్ళల్లో ఈ మందు ఉన్న సంగతి చాలామందికి తెలియదు, స్ట్రిప్ వెనక రాసింది ఓసారి చదవండి. బావగారిది అలాంటిదే, టెల్మిసార్టన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసినది.

ఇక ప్రాజోసిన్, టెరాజోసిన్ రకం అయితే మొదటి డోస్‌కే నిలబడగానే బీపీ పడిపోయే ప్రమాదం ఎక్కువ, అందుకే వాటిని మొదట రాత్రి పడుకునే ముందు వేసుకోమంటారు. మొదటి కొన్ని రోజులు, డోస్ పెంచిన ప్రతిసారీ కూడా, మామూలు తిరుగుడు తప్ప ఎక్సర్‌సైజ్ జోలికి పోవద్దు.

రిపేర్: డాక్టర్‌ని అడక్కుండా బిళ్ళ టైమ్ మార్చొద్దు, ముఖ్యంగా మూత్రం పోయే బిళ్ళని రాత్రికి మారిస్తే అర్ధరాత్రి బాత్రూమ్‌కి లేచి తూలి పడటం కొత్త సమస్య అవుతుంది. దానికంటే నడక టైమ్ మార్చుకోవడం తేలిక, బిళ్ళకి ముందో లేదా సాయంత్రమో. నడకకి ముందు ఓ గ్లాసు నీళ్ళు తాగండి (గుండె ఫెయిల్యూర్, కిడ్నీ సమస్య ఉండి నీళ్ళు తగ్గించమన్న వాళ్ళు మాత్రం డాక్టర్ చెప్పిన లెక్కే). వాంతులు, విరేచనాలు అవుతున్న రోజు నడక మానెయ్యండి, ఆ రోజు బిళ్ళ సంగతి కూడా డాక్టర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి.

సమస్య 3: ఎంత నడిచినా పల్స్ పెరగట్లేదు, వాచీలో టార్గెట్ రావట్లేదు

మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్ వేసుకుంటే పల్స్‌ని పెరక్కుండా పట్టి ఉంచుతాయి, వాటి పనే అది. వాచీ చెప్పే నంబర్ కోసం ఇంకా ఇంకా పరిగెత్తితే ఒళ్ళు హూనమై ఆగాక కూలబడతారు. ఆ నంబర్‌ని పక్కన పెట్టి మాటని చూడండి. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే సరైన స్పీడ్, రెండు మూడు మాటలకోసారి ఊపిరి కోసం ఆగాల్సి వస్తే ఎక్కువైంది.

మరి ఎలా మొదలెట్టాలి

ముందుగా కూర్చుని ఐదు నిమిషాలు రెస్ట్ తీసుకుని బీపీ చూడండి. 180/110 దాటి ఉంటే ఆ రోజు నడక వద్దు, డాక్టర్‌తో మాట్లాడండి, తలనొప్పో ఛాతీ నొప్పో చూపు మసకో కూడా ఉంటే ఎమర్జెన్సీకే. తర్వాత లేచి నిలబడి, ఒక నిమిషం అయ్యాక ఓసారి, మూడు నిమిషాలు అయ్యాక ఇంకోసారి చూడండి. పై నంబర్ 20 గానీ కింది నంబర్ 10 గానీ పడితే నిలబడితేనే బీపీ తట్టుకోవట్లేదన్నమాట, అప్పుడు ఎక్సర్‌సైజ్ కంటే ముందు డాక్టర్‌కి చూపించాలి.

ఇవేం లేకపోతే నేనైతే మొదటి వారం చదునైన దారిలో మెల్లగా పదిహేను నిమిషాలు, రెండో వారం ఇరవై, మూడో వారం ముప్పై చేయిస్తా. ఈ టైమ్‌లోనే మొదటి ఐదు నిమిషాల మెల్లనడకా కూల్‌డౌనూ కూడా కలిసి ఉంటాయి, మొదటి వారం కూల్‌డౌన్ ఐదు నిమిషాలు చాలు, తర్వాత పదికి పెంచండి. పెద్ద బరువులు ఈ నెల వద్దు, ఊపిరి బిగబట్టి ఎత్తితే బీపీ ఒక్కసారి ఎగిసి, వదలగానే ఢమాల్న పడుతుంది. డోస్ పెంచినా కొత్త బిళ్ళ చేర్చినా ఒక వారం వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలెట్టాలి.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. పైన చెప్పినదంతా ఆగాక వచ్చే కళ్ళు తిరగడం గురించే. నడుస్తుండగానే స్పృహ తప్పినా, ఛాతీ పట్టేసినా, ఎప్పుడూ లేనంత ఆయాసం వచ్చినా, చెయ్యి గానీ మాట గానీ పడిపోయినా దాన్ని బిళ్ళ మీదకి నెట్టెయ్యకండి, వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ బిళ్ళ గానీ వాడేవాళ్ళకి చెమటలు, వణుకు, ఆకలితో కళ్ళు తిరిగితే ముందు షుగర్ చూడాలి, పడింది బీపీ కాకపోవచ్చు.

బావగారి లెక్క ఎలా తేలింది

ఆ రోజు పడుకోబెట్టి పావుగంటయ్యాక కూర్చోబెట్టి చూస్తే 124/78. ఆయన "చూశావా, నార్మలే" అన్నాడు. లేచి నిలబడమని ఒక నిమిషానికి చూస్తే 102/66. ఇరవై రెండు పడింది. కూర్చుని చూసిన నంబరే చూసి ఊరుకుంటే ఇది ఎప్పటికీ దొరికేది కాదు.

మర్నాడు నడక ఆపి, ఈ నంబర్లు టైమ్‌తో సహా రాసి డాక్టర్‌కి చూపించాం. ఆయన సోడియం, పొటాషియం టెస్ట్ చేయించి, బానే ఉన్నాయని బిళ్ళ అదే ఉంచి, నడకని సాయంత్రానికి మార్చి పదిహేను నిమిషాలతో మళ్ళీ మొదలెట్టమన్నాడు. మొదటి రోజు కూల్‌డౌన్ చేసి నిలబడి చూస్తే 112/70, కొంచెం తేలినట్టుందన్నాడు. వారం తిరిగేసరికి నిలబడి 118/74, ఏ తేడా లేదు. ఇప్పుడు ముప్పై నిమిషాలు నడుస్తున్నాడు, ఫోన్ మోగితే ఎత్తకుండా గేటు ముందు అటూ ఇటూ తిరుగుతుంటే ఇంట్లోవాళ్ళు నవ్వుతున్నారు.

ఇంకా ఒక్క తప్పు మిగిలింది, దాన్ని మానిపించడానికి నాకు చాలా రోజులు పట్టింది. నడిచొచ్చిన గంటకి చూసుకుని "116 వచ్చింది, ఇంక సగం బిళ్ళ చాలు" అంటాడు. ఆ 116 బిళ్ళది మాత్రమే కాదు, నడకది కూడా. బిళ్ళ సరిపోతోందో లేదో తెలియాలంటే పొద్దున్నే బిళ్ళకి ముందు, నడకకి ముందు, ఐదు నిమిషాలు కూర్చుని చూసిన నంబర్లే లెక్క. నడక తర్వాత చూసినవి వేరే కాలమ్‌లో రాయిస్తున్నా, రెండూ కలిపితే డాక్టర్ కూడా తప్పుదారి పట్టొచ్చు.