ఫొటో దిద్దుబాటు, 5వ పాఠం: మూల కోసే ముందు

పోయిన పాఠం చదివాక వచ్చిన ప్రశ్నల్లో సగం ఒకే రకం. "సార్, గండికోట ఫొటోలో కింద ఎడమ మూలన ఉన్న పేరు కోసేశాను, నీట్‌గా వచ్చింది. మా హోమ్‌స్టే పేజీలో పెట్టుకోవచ్చా?" నేను నేర్పింది మీ ఫోన్ వేసే కంపెనీ ముద్రను తీయడం. అడుగుతున్నదేమో వేరొకరి పేరు గురించి. కాబట్టి ఈసారి బ్రైట్‌నెస్ పాఠం వాయిదా.

ముందు కత్తిరింపు ఒకసారి సరిచూద్దాం. ఫొటో 4000×3000 ఉంది, ముద్ర కింది నుంచి 200 పిక్సెళ్ల లోపు ఉంది అనుకోండి. చాలామంది కింది అంచు మాత్రమే పైకి లాగి, ఆకారం చెడగొట్టుకున్నారు. క్రాప్‌లో 4:3 నిష్పత్తి లాక్ చేసి, ముద్ర ఉన్న మూలనే పట్టుకుని లోపలికి లాగండి. 3720×2790 దగ్గర ఆపితే కింద 210, ఎడమన 280 పోతాయి, ముద్ర మాయం, ఆకారం అలాగే ఉంటుంది. కాపీగానే సేవ్ చేయండి. అసలు ఫైలు మీ దగ్గరుంటేనే రేపు ఎవరైనా అడిగినప్పుడు ఫొటో మీదని చూపగలరు.

ఇక పేరు సంగతి. "ముద్ర లేకపోతే హక్కు లేనట్టే కదా?" కాదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు కర్త తీసిన మనిషి. ముద్ర వేసినా వేయకపోయినా హక్కు పుడుతుంది, తీసిన మనిషి బతికున్నంత కాలం, పోయిన మరుసటి ఏడాది నుంచి ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. పైగా కోత వల్ల రెండో తప్పు చేరుతుంది. 2012 సవరణలో వచ్చిన 65బి సెక్షన్ ప్రకారం కర్త పేరు లాంటి హక్కుల సమాచారాన్ని అనుమతి లేకుండా, తెలిసి తొలగిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. అడగకుండా వాడారనేది ఒక గొడవైతే, పేరు తీసేశారనేది ఇంకో గొడవ. "కింద కర్టసీ అని రాశాను సార్" అన్నవాళ్లూ ఉన్నారు. కర్టసీ అనుమతి కాదు. ఈ మాట ఎన్నిసార్లైనా చెబుతాను.

పెళ్లి ఫొటోల లెక్క కాస్త వేరు. డబ్బిచ్చి తీయించుకున్నారు, వేరే ఒప్పందం లేదు, అప్పుడు 17వ సెక్షన్ కింద తొలి యజమాని మీరే. అయినా తీసింది తానని చెప్పుకునే హక్కు ఫొటోగ్రాఫర్‌కు 57వ సెక్షన్ కింద మిగిలే ఉంటుంది. స్టూడియోనే ముద్ర లేని కాపీ అడగండి, నేనైతే అదే చేస్తాను.

కోయడానికి ముందే అనుమతి ఉన్న ఫొటోలు కూడా ఉన్నాయి. అందరూ వాడుకునేలా ఫొటోలు పెట్టే వికీమీడియా కామన్స్ సైటులో ఫొటో లైసెన్స్ CC BY-SA 4.0 అని ఉంటే కత్తిరించవచ్చు, వ్యాపారానికీ వాడవచ్చు. కానీ మూలన పోయిన పేరు కింద వరుసలోకి రావాలి, లైసెన్స్ లింకూ, మార్చామన్న మాటా ఉండాలి:

"ఫొటో: తీసినవారి పేరు, వికీమీడియా కామన్స్, CC BY-SA 4.0. ఎడమ మూల కత్తిరించాం."

అభ్యాసం: మీ హోమ్‌స్టే, దుకాణం, బడి పేజీలో ఇప్పటికే పెట్టిన ప్రతి ఫొటోకూ తీసినవారి పేరు, అనుమతి ఎక్కడుందో పక్కన రాయండి. రాయలేనివి తీసేయండి. ఆ ఖాళీల్లో పెట్టడానికి బెలూం గుహల ఫొటో ఒకటి కామన్స్‌లో వెతికి, పై పద్ధతిలో వరుస రాసి పంపండి.